పై బీపీ, కింది బీపీ... మధ్యలో తేడా ఎంత?

"మీ బీపీ ఎంత?" అని అడిగితే మనలో చాలామంది "నూటనలభై" అనో "నూటముప్పై" అనో ఒక్క అంకె చెప్పి ఊరుకుంటారు. కింది అంకె గుర్తుండదు. గుర్తున్నా దాన్ని పైదానితో కలిపి చూసే అలవాటు లేదు. చీటీ మీద 150/70 అని ఉంటే పైది కాస్త ఎక్కువ, కిందిది బాగానే ఉంది అని విడివిడిగా తీర్పు చెప్పేసుకుంటాం. కానీ ఆ రెంటికీ మధ్య ఉన్న 80 కూడా ఒక కొలతే. పై అంకెలోంచి కింది అంకె తీసేస్తే మిగిలే ఆ తేడాను పల్స్ ప్రెషర్ అంటారు. దానికి వేరే పరీక్ష అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు, తీసివేత వస్తే చాలు.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు కుదురుగా కూర్చుని ఉన్నప్పుడు ఈ తేడా 40కి అటూ ఇటూగా ఉంటుంది. వయసు మళ్లినవాళ్లలో అది 60 దాటి, ఎప్పుడు చూసినా అలాగే ఉంటే డాక్టర్లు దాన్ని ఎక్కువగానే లెక్కేస్తారు. అదే తేడా పై అంకెలో నాలుగో వంతుకు కూడా రాకపోతే బాగా తగ్గినట్టు. పెరగడం సాధారణంగా ఏళ్ల తరబడి జరిగే వ్యవహారం. తగ్గడం మాత్రం కొన్నిసార్లు గంటల్లో జరిగిపోతుంది, ప్రాణం మీదికి తెస్తుంది. ఈ రెండూ మన ఇళ్లలో తరచుగా ఎదురయ్యేవే. పెరగడానికి ఇంట్లో పెద్దవాళ్లు ఉదాహరణ అయితే, తగ్గడానికి వానాకాలంలో వచ్చే డెంగీ ఉదాహరణ.

ముందు ఆ తేడా ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం. గుండె ఒక్కసారి ముడుచుకున్నప్పుడు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం మహాధమనిలోకి తోస్తుంది. ఆ తోపుకు నాళాల్లో ఒత్తిడి శిఖరానికి చేరుతుంది. అదే పై అంకె. తర్వాత గుండె వదులై మళ్లీ నిండుతుంది. ఆ విరామంలో కొత్త రక్తం రాదు, ఉన్న రక్తం చిన్న నాళాల్లోకి జారిపోతూ ఉంటుంది, ఒత్తిడి మెల్లగా దిగుతుంది. మరుసటి తోపు వచ్చే ముందు అది ఎంతవరకు దిగిందో అదే కింది అంకె. కాబట్టి పై అంకెకూ కింది అంకెకూ మధ్య ఎడం ప్రధానంగా రెండింటిని బట్టి ఉంటుంది. గుండె ఒక్కో దెబ్బకు ఎంత రక్తం తోస్తోంది, ఆ రక్తాన్ని అందుకునే మహాధమని ఎంత సాగుతోంది అన్నవి ఆ రెండు. మణికట్టు మీద వేళ్లు పెడితే తగిలే నాడి ఈ ఎడం వల్లే తగులుతుంది. ఎడం ఎక్కువైతే నాడి ఎగిరెగిరి కొడుతుంది, తగ్గితే దారంలా సన్నబడుతుంది.

మహాధమని గోడలో ఎలాస్టిన్ అనే సాగే పీచు ఉంటుంది. గుండె తోసినప్పుడు గోడ ఉబ్బి, వచ్చిన రక్తంలో సగానికి పైగా తన దగ్గర ఆపుకుంటుంది. గుండె విశ్రాంతి తీసుకునే వేళ వెనక్కి ముడుచుకుంటూ ఆ రక్తాన్ని ముందుకు పంపుతుంది. పై ఒత్తిడి మరీ ఎగరకుండా, కింది ఒత్తిడి మరీ పడకుండా కాపాడేది ఈ ఉబ్బడం, ముడుచుకోవడమే. వయసు పెరిగేకొద్దీ ఎలాస్టిన్ పీచులు తెగుతాయి. వాటి స్థానంలో సాగని కొలాజెన్ చేరుతుంది, అక్కడక్కడా సున్నం పేరుకుంటుంది. మధుమేహం, పొగతాగడం, మూత్రపిండాల జబ్బు ఈ పనిని ముందే మొదలుపెడతాయి. ఎండలో పడేసిన రబ్బరు ట్యూబులా గొట్టం బిరుసెక్కుతుంది. అప్పుడు అదే 70 మిల్లీలీటర్ల రక్తం వచ్చినా గోడ ఉబ్బదు కాబట్టి పై అంకె ఎగురుతుంది, విరామంలో ముందుకు తోయడానికి దాచిపెట్టుకున్న రక్తం లేదు కాబట్టి కింది అంకె పడుతుంది. పైది పెరగడమూ కిందిది తగ్గడమూ ఒకే కారణం వల్ల ఒకేసారి జరుగుతాయన్నమాట.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊరు ఉంది. అక్కడ 1948లో మొదలుపెట్టిన గుండెజబ్బుల అధ్యయనం ఒకే ఊరివాళ్లను దశాబ్దాల పాటు పరీక్షిస్తూ వచ్చింది. అందులో తేలిన విషయమూ ఇదే. పై బీపీ జీవితాంతం పెరుగుతూ పోతుంది. కింది బీపీ యాభై, అరవై ఏళ్ల దాకా పెరిగి, అక్కడినుంచి దిగడం మొదలుపెడుతుంది. అందుకే యాభై దాటాక కింది అంకె తగ్గుతూ రావడం ఎప్పుడూ శుభవార్త కాదు. నిన్నటిదాకా 90 ఉన్న కింది బీపీ మందు మార్చకుండానే 70కి దిగి, పైది 160 మీద నిలబడితే నాళాలు బాగుపడ్డాయని కాదు, బిరుసెక్కాయని అర్థం.

ఉదాహరణకు ఒక ఇంట్లో డెబ్బై ఏళ్ల తల్లికి 158/66, నలభై అయిదేళ్ల కొడుక్కి 130/80 ఉన్నాయనుకుందాం. శరీరానికి రక్తం అందడానికి కావలసిన సగటు ఒత్తిడిని లెక్కకట్టడానికి డాక్టర్లు ఒక సుళువైన పద్ధతి వాడతారు. గుండె కొట్టుకోవడం కంటే విశ్రాంతిలో గడిపే సమయం ఎక్కువ కాబట్టి, కింది అంకెకు తేడాలో మూడో వంతు కలుపుతారు. తల్లి తేడా 92, అందులో మూడో వంతు 31. 66కి కలిపితే 97. కొడుకు తేడా 50, మూడో వంతు 17. 80కి కలిపితే ఆయనదీ 97. సగటు ఇద్దరికీ ఒకటే. కానీ కొడుకు నాళాలు ఒక్కో గుండెదెబ్బకు 50 మెట్లు ఎక్కి దిగుతుంటే తల్లి నాళాలు 92 మెట్లు ఎక్కి దిగుతున్నాయి. నిమిషానికి డెబ్బై సార్లు అనుకున్నా రోజుకు లక్ష సార్లు. మెదడు, మూత్రపిండాలు రక్తాన్ని పెద్దగా అడ్డుకోకుండా లోపలికి తీసుకునే అవయవాలు. అందువల్ల ఈ ఊపు దెబ్బ అక్కడి సన్నని నాళాల దాకా పోయి తగులుతుంది. ఇంకోవైపు, గుండె కండరానికి రక్తం అందేది ఎక్కువగా గుండె వదులైన విరామంలోనే. కింది ఒత్తిడి మరీ పడిపోతే, అప్పటికే గుండె నాళాల్లో పూడికలు ఉన్నవాళ్లకు ఆ సరఫరా తగ్గే ప్రమాదం ఉంటుంది.

"వందకు వయసు కలిపితే ఎంతొస్తుందో అంత ఉండొచ్చు, అత్తయ్యకి నూటడెబ్బై దాకా పర్వాలేదు" అనే మాట ఇప్పటికీ ఊళ్లలో వినపడుతూనే ఉంది. ఒకప్పుడు డాక్టర్లలోనూ చాలామంది అలాగే అనుకున్నారు. దాన్ని గట్టిగా పరీక్షించిన ప్రయోగాల్లో ముఖ్యమైనది అమెరికాలో జరిగిన షెప్. అరవై దాటి, పై బీపీ 160 మీద ఉండి, కిందిది 90 లోపు ఉన్న 4,736 మందిని తీసుకుని సగం మందికి క్లోర్‌థాలిడోన్ అనే పాత, చవక మూత్రం మందుతో మొదలుపెట్టి వైద్యం చేశారు, మిగతావాళ్లకు ఉత్తుత్తి బిళ్ల ఇచ్చారు. 1991లో ఫలితం వచ్చింది. మందు వాడినవాళ్లలో పక్షవాతం 36 శాతం తగ్గింది. పై అంకె ఒక్కటే ఎక్కువగా ఉన్నా, పెద్ద వయసులో వచ్చినా, అది వైద్యం చేయాల్సిన జబ్బే అని ఆ రోజుతో తేలిపోయింది.

అయితే తేడాను మాత్రమే తగ్గించే బిళ్ల అంటూ ఏదీ లేదు. డాక్టరు చేసేది పై అంకెను నెమ్మదిగా దించడం, అలా దించేటప్పుడు కిందిది మరీ పడకుండా చూడటం. ఇక్కడ ఇళ్లలో రెండు రకాల తప్పులు జరుగుతుంటాయి. కింది అంకె 66 చూసి "అమ్మో, లో బీపీ" అని మందు మానిపించడం ఒకటి. పై అంకె 158 చూసి కంగారుపడి పూటకు రెండు బిళ్లలు వేయించడం ఇంకొకటి. రెండోది జరిగితే ముసలావిడ తెల్లవారుజామున బాత్రూమ్‌కి లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోతుంది, తుంటి ఎముక విరుగుతుంది. అందుకని పెద్దవాళ్లకు కూర్చోబెట్టి చూసిన బీపీతో సరిపెట్టకుండా, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికీ మూడు నిమిషాలకూ మళ్లీ చూడాలి. నిలబడ్డాక పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతే ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. ఇక వంటింటి వైపు చేయగలిగిందల్లా ఉప్పు తగ్గించడమే. పెద్దవాళ్ల బీపీ ఉప్పుకు బాగా స్పందిస్తుంది. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయలు మూడూ ఒకే పూట కంచంలోకి రాకుండా చూసుకున్నా మార్పు కనిపిస్తుంది.

తేడా లెక్క కట్టాలంటే ముందు రెండు అంకెలూ సరిగ్గా రావాలి. 1905లో నికొలాయ్ కొరోత్కోవ్ అనే రష్యన్ డాక్టరు చెప్పిన పద్ధతే ఇప్పటికీ స్టెతస్కోపుతో బీపీ చూసే పద్ధతి. చేతికి పట్టీ చుట్టి, గాలి నింపి నాడి ఆగేలా చేసి, మెల్లగా గాలి వదులుతారు. మొదటి టక్ వినిపించిన చోట పై అంకె, చప్పుడు పూర్తిగా ఆగిన చోట కింది అంకె. బిరుసెక్కిన నాళాలున్న కొందరిలో మధ్యలో చప్పుడు కాసేపు మాయమై మళ్లీ మొదలవుతుంది. పై అంకె నిజానికి 180 అయితే, 160 దగ్గర చప్పుడు ఆగిపోయి 140 దగ్గర తిరిగి వినిపించిందనుకోండి. చూసేవాళ్లు 150 దాకా మాత్రమే గాలి కొట్టి వదిలితే వాళ్లకు మొదటి చప్పుడు 140 దగ్గరే వినిపిస్తుంది. చీటీ మీద 140/70 పడుతుంది. పై బీపీ 40 తగ్గిపోతుంది, ఉండాల్సిన 110 తేడా 70గా కనిపిస్తుంది. అందుకే తెలిసిన నర్సు ముందు మణికట్టు దగ్గర నాడి పట్టుకుని, అది ఆగిన చోటినుంచి మరో 30 పైకి గాలి కొట్టి అప్పుడు వింటుంది.

ఇంట్లో మిషనుతో చూసుకునేవాళ్లు మోచేతి పైభాగానికి కట్టేదాన్నే వాడాలి. పట్టీ చేతి లావుకు సరిపోవాలి, ఇరుకైతే అంకెలు లేని ఎక్కువ చూపిస్తాయి. అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, చేయి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టుకుని, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. అప్పుడే కాఫీ తాగి, మెట్లెక్కి వచ్చి చూసిన ఒక్క రీడింగుతో తేడా పెరిగిందని బెంగపడొద్దు. పరిగెత్తి వచ్చినా, జ్వరం ఉన్నా, గర్భంతో ఉన్నా తేడా పెరగడం మామూలే.

వయసు లేకుండానే తేడా ఎక్కువగా ఉంటే మాత్రం వేరే కారణం వెతకాలి. బాగా రక్తహీనత ఉంటే, థైరాయిడ్ మితిమీరి పనిచేస్తుంటే గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం తోయాల్సి వస్తుంది, తేడా పెరుగుతుంది. ఇంకొకటి గుండె కవాటం కారడం. మహాధమని మొదట్లో ఉండే కవాటం సరిగ్గా మూసుకోకపోతే, ముందుకు తోసిన రక్తంలో కొంత వెనక్కి వచ్చేస్తుంది. పై అంకె ఎక్కి, కిందిది ఏ 40కో పడిపోతుంది. మెడ దగ్గర నాళాలు ఎగిరెగిరి పడటం బయటికే కనపడుతుంది. డబ్లిన్‌లో డొమినిక్ కొరిగన్ అనే డాక్టరు 1832లోనే దీన్ని చూసి రాశాడు, ఆ నాడికి ఆయన పేరే ఉంది. మన దేశంలో చిన్నప్పటి కీళ్లవాపు జ్వరం గుండెకు సోకి కవాటాలు పాడైనవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి, ముప్పై ఏళ్ల మనిషికి 150/45 లాంటి బీపీ వస్తే ఎకో పరీక్ష చేయించడం ఆలస్యం చేయకూడదు.

ఇక తేడా తగ్గడం. గుండె తోసే రక్తం తగ్గినప్పుడు తేడా తగ్గుతుంది. రక్తం బాగా పోయినా, గుండె చుట్టూ నీరు చేరి నొక్కేసినా, గుండె కండరం బాగా బలహీనపడినా, మహాధమని కవాటం సన్నబడిపోయినా ఇదే జరుగుతుంది. కానీ మామూలు కుటుంబాలకు ఇది ఎక్కువగా ఎదురయ్యేది డెంగీలోనే. హైదరాబాద్ అయినా విశాఖ అయినా వానలు మొదలయ్యాక పిల్లల వార్డుల్లో డెంగీ కేసులు కనిపించడం మామూలే.

డెంగీ అనగానే ఇంటిల్లిపాదీ ప్లేట్‌లెట్ల లెక్క పట్టుకుంటారు. సీబీపీ రిపోర్టు రాగానే "ఎంత పడ్డాయి?" అన్నదే ప్రశ్న. బొప్పాయి ఆకు రసం, కివీ పళ్లు అన్నీ ఆ లెక్క కోసమే. కానీ డెంగీలో ఎక్కువగా ప్రాణం తీసేది రక్తనాళాల్లోంచి ప్లాస్మా కారిపోవడం. జ్వరం మొదలైన మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, సరిగ్గా జ్వరం దిగే వేళకు, కొందరిలో సన్నని రక్తనాళాల గోడలు వదులై రక్తంలోని నీటి భాగం పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ కారుతుంది. జ్వరం తగ్గిందని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకునే సమయమూ అదే.

పదకొండేళ్ల బాబు చార్టు ఒకటి ఊహించుకుందాం. అయిదో రోజు, జ్వరం తగ్గింది. ఉదయం ఆరింటికి బీపీ 104/66, తేడా 38, నాడి 96. రక్తంలో కణాల వాటా ఎంతో చెప్పే పీసీవీ 37. మధ్యాహ్నం పన్నెండింటికి బీపీ 102/74, తేడా 28, నాడి 112. మూడింటికి 100/82, తేడా 18, నాడి 128, పీసీవీ 45. పిల్లాడు కూర్చుని మాట్లాడుతూనే ఉన్నాడు. పై అంకె ఉదయంనుంచి నాలుగే తగ్గింది. పైది ఒక్కటే చూసేవాళ్లకు ఇందులో భయపడాల్సింది ఏమీ కనపడదు. కానీ తేడా సగానికి పైగా కరిగిపోయింది. ప్లాస్మా కారి గుండెకు చేరే రక్తం తగ్గింది కాబట్టి ఒక్కో దెబ్బకు తోసే రక్తమూ తగ్గింది. దాన్ని భర్తీ చేయడానికి గుండె వేగం పెంచింది, శరీరం చేతులూ కాళ్లలోని నాళాలను బిగించేసింది. ఆ బిగింపు వల్లే కింది అంకె 66నుంచి 82కి ఎక్కింది. నీరు పోయి కణాలు మిగలడంతో రక్తం చిక్కబడి పీసీవీ అయిదో వంతుకు పైగా పెరిగింది.

డెంగీలో పల్స్ ప్రెషర్ 20 గానీ అంతకన్నా తక్కువ గానీ అయితే, పై బీపీ ఎలా ఉన్నా సరే, అది షాక్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పిల్లల శరీరం ఈ బిగింపుతో చాలాసేపు నెట్టుకొస్తుంది, ఇక చేతకానప్పుడు బీపీ ఒక్కసారిగా కూలిపోతుంది. మూడింటికి సెలైన్ ఎక్కించడం మొదలుపెడితే ఎక్కువమంది పిల్లలు కోలుకుంటారు. బీపీ అందనంత పడిపోయాక మొదలుపెడితే చాలా కష్టమవుతుంది. అలాగని ముందునుంచే సీసాల మీద సీసాలు ఎక్కించడమూ ప్రమాదమే. ఈ కారడం ఒకటి రెండు రోజుల్లో ఆగి, బయటికి పోయిన నీరు తిరిగి రక్తంలోకి వస్తుంది. అప్పటికే ఎక్కువ ఎక్కించి ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అందుకే మంచి వార్డుల్లో తేడానూ నాడినీ మూత్రాన్నీ గంటగంటకూ, పీసీవీని కొన్ని గంటలకొకసారీ చూస్తూ, దాన్నిబట్టి సెలైన్ వేగం పెంచుతూ తగ్గిస్తూ ఉంటారు.

అయితే తేడాను ఒంటరిగా చదవకూడదు. 90/50లో తేడా 40, పుస్తకంలో చెప్పినంతే, అయినా ఆ మనిషి చల్లబడి మత్తుగా ఉంటే పరిస్థితి బాగున్నట్టు కాదు. 180/120లోనూ 120/60లోనూ తేడా 60 చొప్పునే, ఆ ఇద్దరి సంగతీ ఒకటి కాదు. పెద్దవాళ్ల పట్టీతో ఇంట్లో చిన్నపిల్లల బీపీ చూస్తే వచ్చే అంకెలను నమ్మలేం. చేతులు చల్లబడి నాడి సన్నబడ్డప్పుడు మిషన్లు కూడా తడబడతాయి. కాబట్టి డెంగీ పిల్లాణ్ని ఇంట్లో మిషనుతో కనిపెట్టుకుని కూర్చుందామనుకోవద్దు. జ్వరం తగ్గాక అరచేతులు, పాదాలు చల్లగా తగులుతున్నా, ఆగకుండా వాంతులవుతున్నా, కడుపునొప్పి తీవ్రంగా ఉన్నా, చిగుళ్లలోంచో ముక్కులోంచో రక్తం వస్తున్నా, నాలుగైదు గంటలుగా మూత్రానికి పోకపోయినా, పిల్లాడు మగతగానో చిరాగ్గానో మారినా అదే క్షణం ఆసుపత్రికి తీసుకెళ్లాలి. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటి నొప్పి బిళ్లలు వేయొద్దు.

జ్వరం ఏ రోజు, ఏ పూట మొదలైందో కాగితం మీద రాసిపెట్టుకోండి. ఏ రోజున జాగ్రత్తపడాలో డాక్టరు లెక్కవేసేది దాన్నిబట్టే. వార్డులో ఉంటే ప్లేట్‌లెట్లు ఎన్ని అని అడిగే ముందు బీపీ రెండు అంకెలూ ఎంత, పీసీవీ ఎంత అని అడగండి. జ్వరం దిగిన తర్వాతి రెండు రోజులూ, పిల్లాడు హుషారుగా ఉన్నాడని ఇంటికి తొందరపడకండి.